చివరి బిల్లు వేరు, మొత్తం బాకీ వేరు

మనకి ఎస్టిమేషన్ అండ్ కాస్టింగ్ ఒక పేపరు ఉంది. క్యూబిక్ మీటరు కాంక్రీటుకి సిమెంటు ఎన్ని బస్తాలు, ఇసుక ఎంత, మేస్త్రి కూలి ఎంత అని రేట్ అనాలిసిస్ రాసి పదహారు మార్కులు తెచ్చుకుంటాం. పని చేసి, బిల్లు ఇచ్చి, డబ్బు రాకపోతే అప్పుడు ఏం రాయాలన్నది మాత్రం ఏ యూనిట్‌లోనూ లేదు. 2024లో మా మామయ్య దగ్గర అలాంటి ఉత్తరం ఒకటి టైపు చేశాను. అది తెలుగు ఉత్తరం కాబట్టీ, అందులో ఒక్కొక్క మాట గురించి మామయ్య అరగంట అరగంట ఆలోచించాడు కాబట్టీ, మన క్లబ్బు పత్రికలో రాయదగ్గ విషయమే అనిపించింది.

మామయ్య తెనాలిలో స్ట్రక్చరల్ కన్సల్టెంటు. రెండు గదుల ఆఫీసు, డ్రాఫ్టింగ్ చేసే అన్న ఒకరు, సెలవుల్లో నేను. క్లయింటు బాపట్లలో ఉంటారు. ఆయన కట్టిస్తున్న గోడౌను రేపల్లె దగ్గర. పేర్లు అనవసరం గనక ఆయన్ని ఓనరుగారు అనే అంటాను.

2024 జనవరి 8న ఒక పేజీ ఒప్పందం రాసుకున్నారు. మొత్తం ఫీజు 3 లక్షలు, పైన జీఎస్‌టీ 18 శాతం. నాలుగు దశలు. అడ్వాన్సు 60 వేలు, ఫౌండేషన్ డ్రాయింగులు ఇచ్చాక 90 వేలు, పైభాగం డ్రాయింగులు ఇచ్చాక 90 వేలు, చివరి 60 వేలు ఆరు సైట్ విజిట్లకు, అంటే విజిట్‌కి పదివేలు. ఇందులో రెండు వాక్యాలు తర్వాత బాగా పనికొచ్చాయి. ఒకటి, బిల్లు ఇచ్చిన 30 రోజుల్లో డబ్బు చెల్లించాలి. రెండు, గడువు దాటి 60 రోజులైనా బిల్లు చెల్లించకపోతే కన్సల్టెంటు 15 రోజుల నోటీసు ఇచ్చి పని మానుకోవచ్చు, అప్పటిదాకా చేసిన పనికి డబ్బు ఇవ్వాలి.

అడ్వాన్సు పన్నుతో సహా 70,800 వెంటనే వచ్చింది. రెండో బిల్లు ఫిబ్రవరి 20న వెళ్లింది, 1,06,200. ఏప్రిల్లో 50 వేలు వేశారు, మిగతా 56,200 "బ్యాంకు లోను వాయిదా రాగానే" అన్నారు. ఆ మాట నమ్మి మామయ్య పైభాగం డ్రాయింగులు కూడా పూర్తి చేసి, మే 27న మూడో బిల్లు పంపాడు. అదీ 1,06,200. దాని మీద రూపాయి రాలేదు. జులై 11న పైల్స్ చూడటానికి ఒకసారి, ఆగస్టు 22న ప్లింత్ బీముల కమ్మీ చూడటానికి ఇంకోసారి మామయ్య సైటుకి వెళ్లాడు. రెండుసార్లూ ఓనరుగారు ఎదురొచ్చి కొబ్బరిబోండాలు కొట్టించారు. డబ్బు మాట ఎత్తితే "సార్, మీ డబ్బు ఎక్కడికి పోతుంది" అన్నారు.

ఎక్కడికి పోతుందో చెప్పాలంటే జీఎస్‌టీ సంగతి చెప్పాలి. బిల్లు రాసిన నెలకే పన్ను కట్టాలి. క్లయింటు ఇచ్చాడా లేదా అన్నది ప్రభుత్వానికి పట్టదు. మూడో బిల్లు మీద 16,200 రూపాయలు పైసా రాకముందే మామయ్య జేబులోంచి కట్టాడు. రేపు ఆ బాకీ మొత్తం మునిగిపోయినా కట్టిన పన్ను వెనక్కి రాదు. సరుకు తిరిగొస్తేనో, బిల్లులో ఎక్కువ రాస్తేనో, సేవలో లోపం ఉంటేనో క్రెడిట్ నోటు ఇచ్చుకోవచ్చు గానీ, డబ్బు ఎగ్గొట్టారని ఇచ్చే వీలు ఆ చట్టంలో లేదు. అందుకని ఆలస్యమయ్యే క్లయింటుకి పని చేస్తూ పోవడం అంటే ఉత్త చాకిరీతో ఆగదు, చేతి చమురు కూడా వదులుతుంది.

మూడో బిల్లు గడువు జూన్ 26. దానికి 60 రోజులు కలిపితే ఆగస్టు 25. సెప్టెంబరు మొదట్లోనే నోటీసు ఇవ్వొచ్చు. కానీ సరిగ్గా అప్పుడే కృష్ణకు వరద వచ్చింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన నీళ్లు వదిలారు, రేపల్లె వైపు లంక గ్రామాల వాళ్లు కరకట్ట ఎక్కడ తెగుతుందోనని రాత్రిళ్లు కాపలా కాశారు. "ఈ వారంలో బాకీ ఉత్తరం పంపితే మనిషన్నవాడు పంపాడనుకోరు" అని మామయ్య ఆపేశాడు. నీళ్లు తీసి, మళ్లీ సైట్లో పని మొదలైందని తెలిశాక, సెప్టెంబరు 25న నోటీసు పంపాడు. అది 27న అందింది. గడువు అక్టోబరు 12, అంటే దసరా. డబ్బూ రాలేదు, జవాబూ రాలేదు. ఇక రాయాల్సింది చివరి ఉత్తరం.

ముందు మామయ్య దగ్గర ఒక ఇంగ్లీషు నమూనా ఉంది, ఎవరో ఇచ్చింది. చాలా మర్యాదగా, చాలా పొడుగ్గా ఉంటుంది. చింతిస్తున్నాము, దురదృష్టవశాత్తు అంటూ రెండు పేరాలు నడిచాక గానీ సంగతి రాదు. ఓనరుగారు తెలుగు పేపరు చదివే మనిషి. ఇంగ్లీషు కాగితం వెళ్తే తీసుకెళ్లి ఆడిటరుకి ఇస్తారు, ఆడిటరు ఏం చెప్తే అదే అర్థం. "ఆయనకి నేరుగా అర్థం కావాలి, రేపు ఎవరైనా మూడోవాడు చదివినా అదే అర్థం కావాలి. తెలుగులో రాద్దాం" అన్నాడు మామయ్య. అక్కడ మొదలైంది అసలు తంటా.

మొదటి చిక్కు "ఆపుతున్నాను" అన్న మాటతో వచ్చింది. మాటల్లో మనం దాన్ని రెండు రకాలుగా వాడతాం. వాన పడుతుంటే పని ఆపుతాం, వాన తగ్గితే మళ్లీ మొదలుపెడతాం. ఉద్యోగం మానేసినా "ఆపేశాను" అంటాం. ఈ ఉత్తరంలో ఆ రెండిటికీ చాలా తేడా ఉంది. కొంతకాలం ఆపితే ఒప్పందం బతికే ఉంటుంది, రేపు 10 వేలు వేసి "రండి సార్, స్లాబు ఉంది" అంటే వెళ్లాల్సిన బాధ్యత మిగిలే ఉంటుంది. పూర్తిగా మానుకుంటే ఆ బాధ్యత ఆ తేదీతో తీరిపోతుంది. ఇంగ్లీషులో రెండిటికీ వేరువేరు మాటలున్నాయి, మనకీ ఉన్నాయి గానీ వాడం. సెప్టెంబరు నోటీసులో "పని నిలిపివేయవలసి వస్తుంది" అని రాశాం. ఈసారి "విరమించుకుంటున్నాను" అని రాశాం, పక్కనే తేదీ వేశాం. "విరమించుకోవడం" కొంచెం పుస్తకాల మాటే. కానీ దానికి రెండో అర్థం లేదు.

రెండోది "చెల్లించగలరు". ఆఫీసు ఉత్తరాల్లో అలవాటుగా రాసేస్తుంటాం. మర్యాదగా ఉంటుంది నిజమే, కానీ తీరిగ్గా చదివితే "మీరు చెల్లించే శక్తి గలవారు" అన్నట్టూ ఉంటుంది, "వీలైతే ఇవ్వండి" అన్నట్టూ ఉంటుంది. "చెల్లించవలసి ఉంది" అంటే మర్యాద ఏమీ తగ్గదు, అర్థం ఒక్కటే ఉంటుంది. గారు, మీరు, నమస్కారం అన్నీ ఉంచాం. మర్యాద పిలుపులో ఉండాలి, క్రియాపదం మాత్రం ఎటూ కదలకూడదు అన్నది మామయ్య లెక్క.

మూడోది అన్నిటికన్నా పెద్దది, ఈ వ్యాసానికి పేరు దాని వల్లే వచ్చింది. ఉత్తరంతో పాటు చివరి బిల్లు జత చేయాలి కదా. అందులో ఎంత రాయాలి?

డ్రాఫ్టింగ్ అన్న లెక్క ఇలా ఉంది. రెండో బిల్లులో మిగిలిన 56,200, మూడో బిల్లు 1,06,200, చివరి దశ 60 వేలకి పన్ను కలిపితే 70,800, అన్నీ కలిపి 2,33,200కి ఫైనల్ బిల్లు కొట్టేద్దాం అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ఇందులో రెండు తప్పులున్నాయని మామయ్య కాగితం మీద చూపించాడు.

ఒకటి, పాత రెండు బిల్లులు ఆల్రెడీ ఇచ్చేశాం. వాటి నంబర్లు రిటర్నులో ఎక్కాయి, పన్ను కట్టేశాం. అదే సొమ్ము మళ్లీ కొత్త బిల్లులో రాస్తే ఒకే పనికి రెండుసార్లు బిల్లు ఇచ్చినట్టు, రెండుసార్లు పన్ను మీద పడ్డట్టు. కొత్త బిల్లులో ఇంతకుముందు ఏ బిల్లులోనూ రాయని పని మాత్రమే రావాలి.

రెండు, చివరి దశలో ఆరు విజిట్లకు రెండే అయ్యాయి. జరగని నాలుగింటికి బిల్లు రాయడం కుదరదు. జీఎస్‌టీ చట్టం 31వ సెక్షన్‌లో సరిగ్గా ఈ పరిస్థితికే ఆరో ఉపవిభాగం ఉంది. ఒప్పందం ప్రకారం చేయాల్సిన సేవ మధ్యలో ఆగిపోతే, ఆగిన సమయంలోనే బిల్లు ఇవ్వాలి, అప్పటిదాకా చేసినంత మేరకే ఇవ్వాలి. "ఆగింది వాళ్ల వల్లే కదా, మిగతా 40 వేలు మనకి పోయినట్టేగా" అన్నాడు అన్న. పోయినట్టే. దాన్ని నష్టపరిహారంగా కోర్టులో అడగొచ్చు, అది వేరే దావా, నష్టం ఎంతో రుజువు చేసుకోవాలి. బిల్లు అంటే చేసిన పనికి ఇచ్చే కాగితం. "చెయ్యని నాలుగు విజిట్లు ఇందులో దూరిస్తే, చేసిన రెండిటినీ కూడా నమ్మరు. రేపు వాళ్ల వకీలు ముందు పట్టుకునేది ఆ నాలుగే" అన్నాడు మామయ్య.

కాబట్టి చివరి బిల్లు రెండు విజిట్లకు 20 వేలు, పన్ను 3,600, మొత్తం 23,600. అంతే.

ఇక్కడ తెలుగు మళ్లీ అడ్డం తిరిగింది. బిల్లు పైన "తుది బిల్లు" అని రాస్తే, ఓనరుగారు ఆ 23,600 వేసేసి "ఫైనల్ బిల్లు కట్టేశాం, ఇక చెల్లు" అనొచ్చు. మన దగ్గర ఫైనల్ సెటిల్‌మెంట్ అనే మాట ఎంత వాడుకలో ఉందో తెలుసుగా. అందుకని బిల్లు మీద "4వ దశ, జరిగిన 2 సైట్ విజిట్లకు" అని మాత్రమే రాశాం. మొత్తం బాకీకి విడిగా ఇంకో కాగితం పెట్టాం. దాని పేరు "ఖాతా వివరం". అది బిల్లు కాదు గనక దాని మీద పన్ను లేదు, కొత్త నంబరూ లేదు. అందులో మూడే వరసలు. రెండో బిల్లులో మిగిలింది 56,200, మూడో బిల్లు 1,06,200, ఇప్పుడు జత చేసిన బిల్లు 23,600. మొత్తం 1,86,000. ప్రతి వరసలోనూ బిల్లు నంబరు, తేదీ, గడువు తేదీ, వచ్చిన సొమ్ము. ఇదంతా చూడ్డానికి చిన్న సంగతే. కానీ ఇలాంటి ఉత్తరాలు చెడిపోయేది ఎక్కువగా ఈ రెండు కాగితాలనీ ఒకటి చేయడం వల్లేనని నాకు అనిపిస్తుంది.

ఉత్తరం ఇది. చిరునామాలూ నంబర్లూ తీసేశాను.

"తెనాలి, 21 అక్టోబరు 2024.

గౌరవనీయులైన ఓనరు గారికి నమస్కారం.

విషయం: రేపల్లె గోడౌను నిర్మాణానికి స్ట్రక్చరల్ కన్సల్టెంటుగా నా పని విరమణ, బాకీ వివరం.

మన 8 జనవరి 2024 నాటి ఒప్పందం ప్రకారం రెండవ, మూడవ దశల బిల్లుల మీద మీరు నాకు రూ. 1,62,400 చెల్లించవలసి ఉంది. మూడవ దశ బిల్లు గడువు 26 జూన్ 2024తో ముగిసింది. ఈ విషయమై 25 సెప్టెంబరు 2024న నేను పంపిన 15 రోజుల నోటీసు మీకు 27న అందింది. ఆ గడువులో సొమ్ము గానీ జవాబు గానీ రాలేదు.

కనుక ఒప్పందంలోని 7వ షరతు ప్రకారం ఈ రోజుతో పై నిర్మాణానికి సంబంధించిన నా పనిని విరమించుకుంటున్నాను. నేటి తర్వాత సైట్ విజిట్లు చేయను, సలహాలు ఇవ్వను, నిర్మాణం గురించి ధ్రువపత్రాలు ఇవ్వను.

జరిగిన రెండు సైట్ విజిట్లకు రూ. 23,600 బిల్లు జతపరిచాను. జరగని నాలుగు విజిట్లకు బిల్లు ఇవ్వలేదు. ఈ బిల్లుతో కలిపి మీరు చెల్లించవలసిన మొత్తం రూ. 1,86,000. ఖాతా వివరం విడిగా జతపరిచాను.

పై మొత్తాన్ని ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో చెల్లిస్తే వడ్డీ అడగను. లేకుంటే 2006 సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం గడువు తేదీల నుంచి వడ్డీ కూడా చెల్లించవలసి ఉంటుంది.

నిర్మాణ భద్రత కోసం: నేను సైట్లో స్వయంగా తనిఖీ చేసింది ప్లింత్ బీముల కమ్మీ వరకే. కాలమ్‌లు, రూఫ్ బీములు, స్లాబు కమ్మీ నేను చూడలేదు. రూఫ్ కాంక్రీటు వేయకముందే వేరొక స్ట్రక్చరల్ ఇంజనీరు చేత తనిఖీ చేయించండి. 6 మీటర్లకు మించిన బీముల కింద ప్రాపులు కాంక్రీటు వేసిన 21 రోజుల వరకు తీయించవద్దు. నా డ్రాయింగులు ఈ ఒక్క నిర్మాణానికి వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. మార్పులు చేస్తే ఆ బాధ్యత మార్చినవారిది.

మీరు ఇచ్చిన సాయిల్ రిపోర్టు, మంజూరైన ప్లాను కాపీ తిరిగి పంపుతున్నాను."

కింద సంతకం, జతపరిచిన కాగితాల జాబితా. ఒక పేజీన్నర వచ్చింది.

గమనించారా, ఇందులో ఓనరుగారి గురించి ఒక్క విశేషణం లేదు. నమ్మకద్రోహం, బాధ్యతారాహిత్యం, మీ వంటి పెద్దలు ఇలా చేయడం, ఇవేవీ లేవు. మామయ్యకి కోపం లేక కాదు. కోపంతో రాసిన ప్రతి వాక్యానికీ అవతలివాళ్లు జవాబు రాయగలరు. తేదీకీ, అంకెకీ జవాబు రాయాలంటే ఇంకో తేదీ, ఇంకో అంకె చూపించాలి.

భద్రత పేరా గురించి కొంచెం చెప్పాలి, ఇది మన బ్రాంచి సంగతి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు పని మానేస్తే వెబ్‌సైటు ఆగుతుంది. ఇక్కడ సగం లేచిన బిల్డింగు ఉంది, దాని కింద మనుషులు పని చేస్తున్నారు. అప్పటికి కాలమ్‌లు లేచి రూఫ్ సెంట్రింగ్ మొదలైందని మేస్త్రి ద్వారా తెలిసింది. లోపల బీము స్పాన్ ఏడున్నర మీటర్లు. ఐఎస్ 456 ప్రకారం 6 మీటర్లు దాటిన బీము కింద ప్రాపులు 21 రోజులు ఉండాలి. సెంట్రింగ్ సామాను రోజు అద్దె లెక్కన వస్తుంది కాబట్టి పది రోజులకే పీకేయాలని తొందర ఉంటుంది. బాకీ ఉన్నాడని ఈ మాట చెప్పకుండా ఊరుకోవడం ఇంజనీరుకి తగదు. అందుకే డబ్బు పేరాల తర్వాత దాన్ని విడిగా పెట్టాం, "మీరు డబ్బిస్తే" అన్న షరతు దాని దరిదాపుల్లో లేకుండా చూశాం. ఇంకో వైపు నుంచి చూస్తే ఆ పేరా మామయ్యకీ రక్షణే. తను ఎక్కడిదాకా చూశాడో, ఎక్కడినుంచి చూడలేదో అందులో గీత గీసినట్టు ఉంది. ప్లాను మంజూరు కాగితాల్లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా తన పేరుంది గనక, డబ్బు సంగతి ఏమీ రాయకుండా, "ఈ తేదీ నుంచి నేను ఈ నిర్మాణానికి ఇంజనీరును కాను" అని మంజూరు చేసిన ఆఫీసుకి రెండు వాక్యాలు విడిగా పంపాడు.

సాయిల్ రిపోర్టు తిరిగి ఇవ్వడం అన్నకి నచ్చలేదు. "అదొక్కటే మన చేతిలో ఉంది, ఇస్తే ఇంకేం మిగులుతుంది?" అన్నాడు. ల్యాబుకి డబ్బు కట్టింది ఓనరుగారు, కాగితం ఆయనది. ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు అట్టే పెట్టుకునే హక్కు వకీళ్లకే లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో చెప్పింది. ఆ తీర్పు వకీళ్ల గురించి, ఇంజనీర్లకు నేరుగా అంటదు. కానీ డెల్టా నేలలో సాయిల్ రిపోర్టు లేకుండా ఇంకో ఇంజనీరు ఏం చేస్తాడు, బాకీదారుడి మీద కోపం గోడౌను పునాది మీద చూపిస్తే ఎలా, అన్నది మామయ్య జవాబు.

వడ్డీ వాక్యం ఊరికే బెదిరింపుగా పెట్టింది కాదు. మామయ్య ఆఫీసుకి ఉద్యం నమోదు ఈ ఒప్పందానికి ముందునుంచే ఉంది, అది ముందే ఉండటం ముఖ్యం. 2006 చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పుకున్న గడువులో డబ్బు ఇవ్వాలి, ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. అప్పుడు బ్యాంక్ రేటు 6.75 శాతం, మూడు రెట్లంటే 20.25. మూడో బిల్లు 1,06,200 మీద మొదటి నెల వడ్డీయే 1,792 రూపాయలు, నాలుగు నెలలకి సుమారు 7,350. ఇవ్వకపోతే ఫిర్యాదు పెట్టొచ్చు, అది ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. ముందు రాజీ, కుదరకపోతే ఆర్బిట్రేషన్. చట్టంలో 90 రోజులని ఉన్నా అంత త్వరగా తేలుతుందని ఎవరూ ఆశ పెట్టుకోరు.

ఉత్తరం ఎలా పంపాలన్నది కూడా ఉత్తరంలో భాగమే. వాట్సాప్‌లో ఫొటో పెట్టాం, మెయిల్ పంపాం, అయినా అసలు కాపీ బాపట్ల ఇంటి చిరునామాకి రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో వెళ్లింది. సరైన చిరునామా రాసి, సరిపడా స్టాంపులు అంటించి రిజిస్టర్డ్‌లో పంపితే అందినట్టే చట్టం అనుకుంటుంది, కాదని నిరూపించాల్సింది అవతలివాళ్లు. "తీసుకోలేదు" అని కవరు తిరిగొచ్చినా, దాన్ని చింపకుండా అలాగే ఫైల్లో పెట్టుకోవాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, ఇప్పుడైతే స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషనూ, అందినట్టు రుజువూ అడిగి తీసుకోవాలి. కొత్త జిల్లాలు వచ్చాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె, బాపట్ల రెండూ బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే బాకీదారుడు ఉండే చోట ఎలాగూ వేయొచ్చు, అందుకని ఇంటి చిరునామాలో ఊరూ జిల్లా పాతవి రాయకుండా చూసుకున్నాం.

నవంబరు మొదటి వారంలో ఓనరుగారి ఆడిటరు ఫోన్ చేశారు. గొడవ లేదు, ఖాతా వివరం చదివారు, మూడో బిల్లు నంబరు అడిగారు. డిసెంబరులో 1,06,200 వచ్చింది, బ్యాంకు మెసేజిలో "3వ దశ" అని రాసి మరీ వేశారు. 15 రోజుల గడువు దాటాకే వచ్చింది కాబట్టి వడ్డీ మాఫీ వర్తించదని మామయ్య ఒక మెయిల్ పెట్టాడు, దాని కోసం వెంటపడలేదు. మిగిలింది 79,800. రెండో బిల్లులో మిగిలినదీ, చివరి బిల్లూ. వీటి గురించి ఓనరుగారు ఒకసారి ఫోన్లో "చూద్దాం సార్" అన్నారు. ఆ మాటకి కాలపరిమితి చట్టంలో విలువ లేదు. బాకీ ఉన్నానని గడువు లోపల రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. లేకపోతే రెండో బిల్లుకి గడువు తేదీ 2024 మార్చి 21 నుంచి మూడేళ్లని లెక్కేసుకోవడమే క్షేమం. మామయ్య 2027 మార్చి 21ని ఫోన్లో పెట్టుకున్నాడు, దానికి ఆరు నెలల ముందు ఇంకో రిమైండరు.

జనవరిలో గుంటూరు నుంచి ఒక ఇంజనీరు ఫోన్ చేశారు. ఆ గోడౌను ఇప్పుడు ఆయన చూస్తున్నారట. రూఫ్ బీములో ఒక చోట కమ్మీ డ్రాయింగులో ఉన్నట్టు కట్టలేదనీ, కాంక్రీటు వేయకముందే విప్పించి మళ్లీ కట్టించాననీ చెప్పారు. పైల్ లోడు ఎంత తీసుకున్నారని అడిగారు. మామయ్య ఫైలు తీయించి అంకెలు చదివాడు, ఆగస్టు 22 విజిట్ నోట్సు స్కాన్ చేసి పంపమన్నాడు. తర్వాత "మీరు అడ్వాన్సు ఎంత తీసుకున్నారు?" అని అడిగాడు. ఆయన సగం అన్నారు.